ఉన్నిని అట్టకట్టించేది వేడా, కదలికా?

ఉన్ని స్వెటర్‌ను వేడినీళ్లలో ఉతికితే ముడుచుకుపోతుందని స్వెటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు. మాట అబద్ధం కాదు. అయితే ఉన్నికి రంగు అద్దేవాళ్ల పద్ధతి చూస్తే అది పూర్తి నిజం కూడా కాదనిపిస్తుంది. వాళ్లు ఉన్ని చిలపలను కాస్త ఆమ్లం కలిపిన రంగునీళ్లలో ముంచి, నెమ్మదిగా మరిగే దాకా తెచ్చి, గంట సేపు ఆ వేడిలోనే ఉంచుతారు. తర్వాత ఆ నీళ్లలోనే చల్లారనిస్తారు. బయటికి తీసిన చిలప మెత్తగానే ఉంటుంది, పోగుకు పోగు విడిగానే వస్తుంది. అదే ఉన్నితో అల్లిన స్వెటర్‌ను నలభై డిగ్రీల నీళ్లలో, మామూలు సబ్బుపొడితో, వాషింగ్ మెషీన్‌లో ఒక్కసారి తిప్పితే చాలు, కుట్టు కనపడకుండా దళసరిగా బిగుసుకుపోవచ్చు. నూరు డిగ్రీల దగ్గర క్షేమంగా ఉన్నది నలభై దగ్గర ఎందుకు పాడవుతోంది? వేడి ఒక్కటే కారణమైతే ఈ రెండు సంగతులూ పొసగవు.

తేడా ఎక్కడుందో రంగు అద్దేవాళ్లకు తెలుసు. చిలపలను కుండలో కలియబెట్టరు, అవసరమైతే మెల్లగా తిరగేస్తారు, అంతే. మెషీన్ డ్రమ్ము మాత్రం బట్టను ఎత్తి పడేస్తూ, నొక్కుతూ, వదులుతూ ఉంటుంది. కాబట్టి మొదట అడగాల్సింది నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయని కాదు. నీళ్లలో ఉన్ని ఎంత కదిలిందని.

వెంట్రుక ఒకవైపే నడుస్తుంది

ఉన్ని పోగు అంటే గొర్రె వెంట్రుక. అది కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది, మన తల వెంట్రుకా అంతే. సూక్ష్మదర్శినిలో చూస్తే దాని పైన పలచటి పొలుసులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి పరుచుకుని ఉంటాయి. ప్రతి పొలుసు అంచూ వెంట్రుక కొసవైపు తిరిగి ఉంటుంది. అందువల్ల మొదలు నుంచి కొసకు వేలు జరిపితే నున్నగా జారుతుంది, కొస నుంచి మొదలుకు జరిపితే పట్టుకుంటుంది. ఉన్ని పోగు మీద ఉన్ని పోగును జరిపి కొలిచినప్పుడు, పొలుసుకు ఎదురుగా వచ్చే రాపిడి, పొలుసు వాటంగా వచ్చే రాపిడికి రెట్టింపు దాకా ఉంటుందని వస్త్రశాస్త్ర గ్రంథాలు చెబుతాయి.

దీన్ని పరీక్షించడానికి గొర్రె అక్కర్లేదు. దువ్వెనలో దొరికిన పొడవాటి వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, వేళ్లను వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ నలపండి. మీ వేళ్లు రెండువైపులా సమానంగానే కదులుతాయి, వెంట్రుక మాత్రం ఒకవైపే పాకుతుంది. అది పాకేది ఎప్పుడూ మొదలు ఉన్న వైపుకే. వెంట్రుకను తిప్పి పట్టుకుంటే పాకే దిక్కు కూడా మారుతుంది.

ఫ్రాన్స్ గణిత శాస్త్రవేత్త గాస్పార్ మోంజ్ 1790లో ఉన్ని అట్టకట్టే తీరు మీద రాసిన వ్యాసానికి ఇలాంటి పరిశీలనే ఆధారం. వెంట్రుకల నుంచి టోపీల గుడ్డ తయారుచేసేవాళ్ల పనిని ఆయన గమనించాడు. వెంట్రుక పైభాగం ఒకవైపు వాలిన పొరలతో ఉండి ఉండాలని కళ్లతో చూసి కాక, చేతికి తగిలే తేడాను బట్టే ఊహించాడు. ఆ ఊహ తర్వాతి సూక్ష్మదర్శినుల పరీక్షకు నిలిచింది.

ఈ చిన్న పరీక్షతో మరో విషయం కూడా తేలుతుంది. వేడినీళ్లలో పొలుసులు తెరుచుకుని, ఒకదానిలో ఒకటి కొక్కేల్లా చిక్కుకుంటాయని తరచు రాస్తుంటారు. కానీ వేళ్ల మధ్య ఉన్నది ఒకే వెంట్రుక. దాని పొలుసులు చిక్కుకోవడానికి ఎదుట మరో పొలుసు లేదు. అయినా అది పాకింది. అంటే పొలుసుల అసలు పని చిక్కుకోవడం కాదు, కదలికకు ఒక దిక్కు ఇవ్వడం. చిక్కుకోవడం అసలే జరగదని దీనివల్ల రుజువు కాదు. అట్టకట్టడానికి అది తప్పనిసరి కాదని మాత్రం అనవచ్చు.

ఇప్పుడు స్వెటర్ దారం సంగతి. వడికేటప్పుడు పోగుల మొదళ్లు కొన్ని ఇటు, కొన్ని అటు పడతాయి. తడిసిన దారాన్ని నొక్కి వదిలిన ప్రతిసారీ ఒక్కో పోగు తన మొదలు ఉన్న దిక్కుకు ఇసుమంత జరుగుతుంది. వెనక్కు రావాలంటే పొలుసులు అడ్డం. పక్కనున్న పోగు ఎదురు దిక్కుకు జరుగుతుంది. ఇవి దాటుకుంటూ పోతూ, పక్క పోగులను ఉచ్చులుగా లాక్కుంటూ, మొత్తం దారాన్ని కురచగా, బిగువుగా చేస్తాయి. పోగుల కొసలు దారం దాటి పక్క వరసలోకి దూరితే కుట్టుకూ కుట్టుకూ మధ్య సందు మూసుకుపోతుంది. అల్లిక బట్ట నేత బట్ట కంటే త్వరగా అట్టకట్టడానికి కారణం ఇదే. అల్లికలో దారం వదులైన ఉచ్చులుగా ఉంటుంది కాబట్టి పోగులు కదలడానికి చోటు ఎక్కువ. పురి తక్కువగా వేసిన మెత్తటి ఒంటిపోగు దారమైతే మరీ ప్రమాదం.

గొర్రె వానలో తడిసినా దాని ఒంటి మీది ఉన్ని సాధారణంగా అట్టకట్టకపోవడం కూడా ఈ వివరణకు సరిపోతుంది. అక్కడ మొదళ్లన్నీ చర్మంలో నాటుకుని ఉంటాయి, కొసలన్నీ ఒకే వైపు ఉంటాయి.

తలనీలాల సాక్ష్యం

ఇదే సూత్రం మన దగ్గర ఒక పెద్ద వ్యాపారాన్ని నడిపిస్తోందని చాలామందికి తట్టదు. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. విగ్గుల పరిశ్రమలో ఆ జుట్టుకు గిరాకీ ఉండటానికి పొడవు ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది, ఒక తల నుంచి ఒకేసారి తీసిన జుట్టులో మొదళ్లన్నీ ఒకవైపే పెట్టి కట్ట కట్టవచ్చు. పొలుసులన్నీ ఒకే వాటంలో ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు కడిగినా చిక్కుపడదు. వ్యాపారంలో దీన్ని రెమీ జుట్టు అంటారు.

వీధుల్లో తిరిగి కొనే చిక్కు వెంట్రుకలది వేరే కథ. దువ్వెన నుంచి తీసి ఉండలు చుట్టిన ఆ జుట్టులో మొదలూ కొసా కలగాపులగం. దాన్ని విడదీసి విగ్గులకు వాడాలంటే చాలా చోట్ల ఆమ్లంతోనో క్లోరిన్‌తోనో పై పొలుసులను తినిపించేస్తారు. అప్పుడు అది చిక్కుపడటం తగ్గుతుంది. పొలుసు వాటం కలిసి ఉంటే చిక్కు లేదు. వాటం కలగలిసిపోతే చిక్కు. పొలుసే తీసేస్తే మళ్లీ చిక్కు తగ్గింది. వేడి ప్రసక్తే లేకుండా మూడు రకాల జుట్టు ఒకే కారణాన్ని చూపిస్తోంది.

మెషీన్‌లో ఉతకవచ్చని చీటీ ఉన్న ఉన్ని కూడా ఈ దారిలో వచ్చిందే. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. అభివృద్ధి చేసి, బాగా వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతిలో ఉన్నికి ముందు క్లోరిన్ పట్టించి, తర్వాత పలచటి రెసిన్ పూత వేస్తారు. ‘సూపర్‌వాష్’ అని చీటీ మీద ఉంటే అట్టకట్టే భయం చాలావరకు తీరినట్టే. అయితే అలాంటి స్వెటర్ తడిసినప్పుడు సాగిపోయే గుణం ఎక్కువ. ఒక జబ్బుకు మందు వేస్తే ఇంకో జబ్బు.

మరి వేడి చేసేదేమిటి?

వేడికి పాత్ర లేదని ఇక్కడ వాదన కాదు. పొలుసుల రాపిడి ఒక్కటే ఉంటే చాలదని లీడ్స్ విశ్వవిద్యాలయంలో జె.బి. స్పీక్‌మన్ బృందం 1930లలో చేసిన పని చూపించింది. పోగుకు పొలుసులుండాలి, అది సులువుగా సాగి వంగాలి, వదిలేస్తే తిరిగి తన పొడవుకు రావాలి. ఈ మూడూ కుదిరితేనే ఉన్ని బాగా అట్టకడుతుంది. సాగని పోగు జరగదు. సాగి అలాగే ఉండిపోయే పోగు పక్కవాటిని దగ్గరకు లాగదు. అదే నగరంలోని ఉన్ని పరిశోధన సంఘంలో ఎ.జె.పి. మార్టిన్ కూడా ఈ సమస్య మీద పనిచేసి 1944లో వ్యాసం ప్రచురించాడు. అక్కడే రిచర్డ్ సింజ్‌తో కలిసి చేసిన క్రొమటోగ్రఫీ పనికి 1952లో ఆయనకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది కాబట్టి, ముడుచుకుపోయిన స్వెటర్ మరీ చిన్న విషయమేమీ కాదని అనుకోవచ్చు.

నీళ్లు తగలగానే ఆ మూడింటిలో రెండో, మూడో షరతులు నెరవేరడం మొదలవుతుంది. ఉన్ని పోగు నీళ్లలో దాదాపు 16 శాతం లావెక్కుతుంది, పొడవు మాత్రం ఒక శాతం కంటే పెద్దగా పెరగదు. ప్రోటీన్ గొలుసులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాల్లో చాలాభాగం సడలిపోతాయి. పొడిగా ఉన్నప్పుడు బిరుసుగా ఉన్న పోగు ఇప్పుడు మూడో వంతు దాకా సాగి, మళ్లీ వెనక్కు రాగలదు. నీళ్లు వేడెక్కినకొద్దీ ఈ మెత్తదనం పెరుగుతుంది. అంటే అదే నొక్కుకు పోగు ఇంకొంచెం ఎక్కువ దూరం జరుగుతుంది. చన్నీళ్లలో అరగంట రుద్దితే జరిగే నష్టం వేడినీళ్లలో కొద్ది నిమిషాల్లోనే జరగవచ్చు. చన్నీళ్లలో ఏమీ కాదని మాత్రం అనుకోకూడదు. చన్నీళ్లతో నింపిన మెషీన్‌లో ఎక్కువ సేపు తిప్పినా ఉన్ని అట్టకడుతుంది, కాకపోతే నెమ్మదిగా.

వేడి పెరిగినకొద్దీ నష్టం అదే నిష్పత్తిలో పెరుగుతూ పోతుందనడానికి కూడా ఆధారాలు ఒప్పుకోవు. సబ్బునీళ్లలో ఉన్ని గుడ్డను కావాలనే దళసరి చేసే మిల్లులు నీళ్లను మరిగించవు. గోరువెచ్చదనం దాటిన, చేయి పెట్టగలిగే వేడిలోనే పని సాగిస్తాయి. మరీ వేడి చేస్తే పోగు మెత్తబడుతుంది కానీ తిరిగి లాక్కునే బలం తగ్గుతుంది. ఆమ్లపు నీళ్లలో లెక్క వేరు, అక్కడ వేడితో పాటు అట్టకట్టడం ఇంకొంత దూరం పెరుగుతుంది. ఇంటి పనికి ఇందులో పనికొచ్చే ముక్క ఒక్కటే. మనం ‘కాస్త వేడినీళ్లే కదా’ అనుకునే నలభై డిగ్రీల చుట్టుపక్కలే సబ్బుతో కలిస్తే అసలైన ప్రమాద ప్రాంతం.

సబ్బు సంగతి కూడా వేడికి తక్కువేమీ కాదు. క్షారం, ఆమ్లం తీవ్రతను చెప్పే పీహెచ్ కొలతలో 4 నుంచి 8 మధ్య ఉన్నిలో మార్పు తక్కువ. 8 దాటితే పోగు ఇంకా ఉబ్బి, అట్టకట్టే వేగం పెరుగుతుంది. మామూలు బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి నీళ్లలో కలిస్తే 9, 10 దగ్గర ఉంటాయి, చాకలి సోడా 11 దాకా పోతుంది. చాలా పొడుల్లో మరకలు పోవడానికి ప్రోటీన్‌ను కోసే ఎంజైములు కలుపుతారు. నెత్తుటి మరకకూ ఉన్ని పోగుకూ ఆ ఎంజైము తేడా చూడదు. ఒకటి రెండు ఉతుకుల్లో తెలియకపోయినా, ఆ పొడే వాడుతూ పోతే పోగు పలచబడుతుంది. క్లోరిన్ బ్లీచ్ అయితే నేరుగా ఉన్నిని కరిగించేస్తుంది.

ఈ లెక్కలో మన కుంకుడుకాయ బాగా నిలబడుతుంది. దాని రసం తేలికపాటి ఆమ్లగుణం కలది, మురికిని వదిలించే సపోనిన్లు అందులో సహజంగానే ఉన్నాయి. పట్టుచీరలకూ ఉన్నికీ కుంకుడు వాడిన పాతవాళ్ల పద్ధతికి పీహెచ్ కొలత అడ్డు చెప్పదు. ఒక్క ఇబ్బంది, తెల్ల ఉన్నికి లేత గోధుమ ఛాయ అంటవచ్చు. ముదురు రంగులకు వాడుకుని, తెల్లవాటికి ఉన్ని బట్టలకని అమ్మే ద్రవ సబ్బు వాడటం మేలు. అదీ లేకపోతే తలకు వాడే మామూలు షాంపూ సరిపోతుంది, అది వెంట్రుకకని చేసిందే. బోరునీళ్ల ఊళ్లలో సబ్బు బిళ్ల అసలు వాడకూడదని నా అభిప్రాయం. కఠిన జలంలోని కాల్షియంతో అది కలిసి జిడ్డు తెట్టెగా మారి పోగులకు అంటుకుంటుంది. దాన్ని వదిలించడానికి మళ్లీ రుద్దాలి, రుద్దడమే కదా వద్దంటున్నది.

ముందు అది ఉన్నేనా?

చలికాలంలో మన ఊళ్ల రోడ్ల పక్కన టిబెటన్లు అమ్మే స్వెటర్లు చాలావరకు లుధియానా నుంచి వచ్చే ఆక్రిలిక్ సరుకు. అవి అట్టకట్టవు. వేడికి సాగి వేలాడతాయి, అది వేరే బాధ. చీటీ లేకపోతే లోపలి కుట్టు నుంచి చిన్న దారపు ముక్క తీసి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని వెలిగించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసేయగానే దాదాపు ఆరిపోతుంది, మిగిలిన నల్లటి ముద్ద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఆక్రిలిక్ అయితే కరుగుతూ కాలి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. రెండు గుణాలూ కనిపిస్తే మిశ్రమం. అప్పుడు ఉన్ని కిందే లెక్కకట్టి ఉతకడం మంచిది.

ఉన్నిలోనూ అన్నీ ఒకటి కాదు. సన్నటి మెరినో త్వరగా అట్టకడుతుంది. దక్కనీ గొర్రెల ముతక నల్ల ఉన్ని అంత తేలిగ్గా లొంగదు. తెలంగాణలో కురుమలు నేసే గొంగళి ఏళ్ల తరబడి వానలో తడిసినా నేత కనపడుతూనే ఉంటుంది. అందుకని గొంగళి మీద చేసిన అనుభవాన్ని అమెరికాలోని కూతురు పంపిన మెరినో స్వెటర్‌కు వర్తింపజేయకూడదు.

చేత్తో ఉతికే పద్ధతి, ఒక స్వెటర్ లెక్కతో

ఉదాహరణకు అరకిలో బరువున్న, సూదులతో అల్లిన మెరినో స్వెటర్‌ను తీసుకుందాం. ఫిబ్రవరి చివర, పెట్టెలో పెట్టేముందు ఉతకాలి. ముందుగా బల్ల మీద సాగదీయకుండా పరిచి, చంకల దగ్గర అడ్డంగా, భుజం నుంచి అంచు దాకా నిలువుగా కొలిచి రాసుకోండి. అడ్డం 52 సెంటీమీటర్లు, నిలువు 64 వచ్చాయనుకుందాం. పాత వార్తాపత్రికలు అతికించి, దాని మీద స్వెటర్ ఆకారం గీసి ఉంచుకుంటే ఆరబెట్టేటప్పుడు పనికొస్తుంది. పెన్సిలుతోనే గీయండి, తడి బట్టకు సిరా అంటుతుంది.

పది లీటర్ల నీళ్లు పట్టే వెడల్పాటి టబ్బు కావాలి. ఇరుకు బకెట్ వద్దు. నీళ్లు తక్కువైతే బట్ట దాని మీద అదే రాసుకుంటుంది, ఎక్కువ నీళ్లు ఉంటే తేలుతుంది. నీళ్లు 30 డిగ్రీలు దాటకూడదు. ఒళ్లు వెచ్చదనం 37 దగ్గర కాబట్టి, మణికట్టు లోపలివైపు ముంచినప్పుడు వెచ్చగా అనిపిస్తే ఆ నీళ్లు ఎక్కువ వేడి. కాస్త చల్లగా తగలాలి. మన ప్రాంతంలో దీనికి కాచిన నీళ్లు కలపాల్సిన పని దాదాపు ఉండదు. జాగ్రత్త ఇంకోవైపు కావాలి. మేడ మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నానికి ఎండకు కాగిన నీళ్లు, పొయ్యి వెలిగించకుండానే ఆ ప్రమాదపు వేడిని అందుకోవచ్చు. ఉదయం పూట పట్టిన నీళ్లు వాడండి. కడిగే నీళ్లూ జాడించే నీళ్లూ ఒకేసారి పట్టి పక్కన పెట్టుకుంటే రెండూ ఒకే వేడిలో ఉంటాయి. వేడిలో తేడాయే ఉన్నికి దెబ్బ అని కొందరు గట్టిగా చెబుతారు. కదలిక లేకుండా ఆ తేడా ఒక్కటే అట్టకట్టిస్తుందనడానికి పైన చెప్పుకున్న వివరణలో చోటు కనిపించదు. అయినా ఖర్చు లేని జాగ్రత్త కాబట్టి పాటించవచ్చు.

కుంకుడు వాడదలిస్తే గింజలు తీసిన ఎనిమిది పది కాయల తొక్కలను అర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడగట్టాలి. పిప్పి ముక్క ఒక్కటి మిగిలినా అల్లికలో ఇరుక్కుంటుంది. ద్రవ సబ్బయితే రెండు చెంచాలు చాలు. ఏదైనా నీళ్లలో ముందే కలిపేయాలి, స్వెటర్ మీద పోయకూడదు. నురగ కోసం బట్ట వేశాక చిలకడం అసలు తప్పు.

స్వెటర్‌ను లోపలివైపు బయటికి తిప్పి, నీళ్ల మీద పరిచి, అరచేతులతో కిందికి నొక్కండి. ఉన్ని మొదట తేలుతుంది, గాలి బుడగలు పోయాక మెల్లగా మునుగుతుంది. పది పదిహేను నిమిషాలు వదిలేయండి. మురికి ఎక్కువ భాగం ఈ నానడంలోనే వదులుతుంది, మన చెయ్యి చేసేది తక్కువ. తర్వాత అరచెయ్యి చాపి, ఒక్కో చోట నొక్కి వదలండి, ఏడెనిమిది నొక్కులు చాలు. రుద్దడం, మెలిపెట్టడం, బండకేసి బాదడం వద్దు. మెడ పట్టీ, చేతి అంచులు నల్లగా ఉంటే అక్కడ కాస్త చిక్కటి సబ్బునీళ్లు అద్ది, గుడ్డను గుడ్డతో రాయకుండా వేలి కొసతో తట్టండి. చంకల కింద ప్రత్యేకం జాగ్రత్త పడాలి. వేసుకున్నప్పుడే చెమటా, ఒంటి వేడీ, చేతుల కదలికా కలిసి ఆ చోట సగం అట్టకట్టి ఉంటుంది.

తీసేటప్పుడు చాలామంది పొరపడతారు. భుజాలు పట్టుకుని నీళ్లలోంచి ఎత్తుతారు. అరకిలో స్వెటర్ నీళ్లు పీల్చుకున్నాక కిలోన్నర తేలిగ్గా దాటుతుంది, తడి పోగు సులువుగా సాగుతుందని ముందే అనుకున్నాం. ఆ బరువంతా భుజాల వరస మీద పడితే చేతులు మోకాళ్ల దాకా వస్తాయి. రెండు చేతులూ కిందికి పెట్టి ముద్దగా ఎత్తండి, లేదా టబ్బును వంచి నీళ్లు పారబోసి, స్వెటర్‌ను అడుగునే నొక్కండి. జాడించడమూ ఇలాగే. బట్టను తొట్టిలో ఆడించకుండా, పక్కన కొత్త నీళ్లు పోసి, దాన్ని నొక్కి వదలాలి. ధారగా పడే కుళాయి కింద పెట్టకూడదు, ఆ ధార కూడా కదలికే. నీళ్లు తేటపడేదాకా రెండు మూడు సార్లు చాలు. సబ్బు వాడి ఉంటే చివరి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపితే మిగిలిన క్షారం విరుగుతుంది. కుంకుడుకు ఇది అక్కర్లేదు.

పిండటానికి బదులు, పొడి తువ్వాలు మీద స్వెటర్‌ను పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, పైన మోకాలితో అదమండి. రెండో తువ్వాలుతో మళ్లీ ఒకసారి. సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లోని నీళ్లు పిండే తొట్టిని వాడవచ్చా అని అడుగుతారు. వల సంచిలో పెట్టి ఒక నిమిషం లోపు తిప్పితే పెద్దగా హాని లేదు. అక్కడ బట్ట గోడకు అదిమినట్టు ఉండిపోతుంది, పోగు పోగు మీద జరగదు. ఉతికే తొట్టికీ దీనికీ తేడా అదే.

కాగితం మీద గీసుకున్న ఆకారం పైన పలచటి గుడ్డ వేసి, స్వెటర్‌ను దానికి సరిగ్గా పరిచి, నీడలో ఫ్యాన్ గాలికి వదలండి. తీగ మీద వేలాడదీస్తే సాగుతుంది, ఎండలో వేస్తే తెల్ల ఉన్ని పసుపెక్కుతుంది. మర్నాడు ఒకసారి తిరగేయండి. పూర్తిగా ఆరకుండా పెట్టెలో పెడితే ముక్కవాసన వస్తుంది. ఉతకకుండా పెడితే చెమట, తిండి మరకల మీదికి పురుగు చేరుతుంది.

ముడుచుకుందా, అట్టకట్టిందా?

ఆరాక మళ్లీ కొలిస్తే అడ్డం 50, నిలువు 63 వచ్చిందనుకోండి. మొదట 52ను 64తో గుణిస్తే 3328 చదరపు సెంటీమీటర్లు, ఇప్పుడు 3150. అయిదు శాతం పైచిలుకు తగ్గింది. ఇది చూసి కంగారు పడనక్కర్లేదు, అలాగని వదిలేయనూ కూడదు. అల్లేటప్పుడు, ఆవిరి ఇస్త్రీ చేసేటప్పుడు సాగదీసిన దారం మొదటిసారి తడిసినప్పుడు సర్దుకుంటుంది. దాన్ని సడలింపు కుదింపు అనవచ్చు. సాధారణంగా ఇందులో ఒక కొలత తగ్గి రెండోది అలాగే ఉండటమో, కాస్త పెరగటమో కూడా జరుగుతుంది, కుట్లు మాత్రం స్పష్టంగానే కనిపిస్తాయి. వస్త్ర పరీక్షశాలలు కూడా ఈ రెంటినీ వేరు చేయడానికి ముందు మెల్లగా ఒకసారి తడిపి సడలింపును తేల్చేసి, ఆ కొలతను మొదలుగా పెట్టుకుని, తర్వాతి గట్టి ఉతుకుల్లో ఎంత తగ్గిందో చూస్తాయి.

మన స్వెటర్‌కూ అదే చేయవచ్చు. రెండో ఉతుకు తర్వాత కూడా 50, 63 దగ్గరే నిలిస్తే అది సడలింపే, ఇక ముడుచుకోదు. 48, 60కి దిగిందనుకోండి, విస్తీర్ణం 2880 అవుతుంది. మొదటి ఉతుకు కొలతతో పోలిస్తే మరో ఎనిమిదిన్నర శాతం పోయింది. రెండువైపులా తగ్గుతూ, ప్రతి ఉతుకుకూ తగ్గుతూ, పైన నూగు లేస్తూ, కుట్టు అంచులు మసకబారుతూ ఉంటే అట్టకట్టడం మొదలైనట్టే. నీళ్ల వేడి, సబ్బు, చేతి ఒత్తిడి, ఈ మూడింటిలో ఎక్కడ తప్పు జరుగుతోందో అప్పుడే వెతకాలి. స్వెటర్ విలువైనదైతే దీన్ని దాని మీద కాక, మిగిలిన దారంతో అల్లిన పది సెంటీమీటర్ల చతురస్రం మీద ముందు ఉతికి చూడటం నయం. నేనైతే అల్లిన వాళ్లను ఒక ఉండ దారం దాచమని అడుగుతాను.

ముడుచుకున్న దాన్ని బాగుచేయడం ఎంతవరకు సాధ్యమో ఒక సూదితో తెలుసుకోవచ్చు. లోపలి అంచు దగ్గర పక్కపక్క రెండు కుట్ల మధ్య మొద్దు సూది గుచ్చి మెల్లగా ఎడం చేయండి. సందు తెరుచుకుంటే పోగులు ఇంకా పూర్తిగా కలిసిపోలేదు. జుట్టుకు వాడే కండిషనర్ రెండు చెంచాలు కలిపిన చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టండి. కండిషనర్ పొలుసుల మీద పూతగా చేరి రాపిడిని తగ్గిస్తుంది. తర్వాత తువ్వాలుతో అదిమి, పాత కొలతల గీత మీదికి అన్నివైపులా కొద్ది కొద్దిగా లాగి, అంచులకు తుప్పు పట్టని పిన్నులు పెట్టి ఆరనివ్వండి. కొంత తిరిగి వస్తుంది, పూర్తిగా రావడం అరుదు. సూదికి సందే దొరకకపోతే, దారం చివర లాగినా వరస ఊడకుండా పక్క వరసను పట్టుకుని వస్తుంటే, ఏ ద్రవంలో నానబెట్టినా ఆ పోగులు వెనక్కు నడవవు. అలాంటి గుడ్డకు కత్తెర పెట్టినా అంచు ఊడదు కాబట్టి, చెప్పుల లోపలి అట్టకో, వేడిగిన్నె కింద వేసే గుడ్డకో కత్తిరించుకోవచ్చు.